కోల్డ్ ప్యాక్ లోపల తెగింది ఏమిటి? తెగితే వేడి రావాలి కదా, చల్లబడిందెందుకు?

అలిపిరి_నడక
పోయిన శనివారం మా అమ్మను తీసుకొని అలిపిరి మెట్లదారిన కొండకు నడిచాము. మోకాళ్ళ మెట్టు దాటుతుండగా అమ్మకు చీలమండ మెలిక పడింది. కింద మందుల షాపులో ముందే కొని సంచిలో వేసుకున్న రెండు కోల్డ్ ప్యాకులు ఉన్నాయి. మొదటిదాన్ని అరచేతుల మధ్య గట్టిగా నొక్కితే లోపలి నీళ్ళ సంచి పగిలిన శబ్దం కూడా రాలేదు, ప్యాకు కొద్దిగా చల్లబడి రెండు నిమిషాల్లో మామూలైపోయింది. రెండోదాన్ని నొక్కగానే టప్పుమని పగిలి, పట్టుకోలేనంత చల్లగా అయింది. రెండూ ఒకే పెట్టెలోవి.

నా ఫిర్యాదు ఒకటి, ప్రశ్న ఒకటి. ఫిర్యాదు ఆ మొదటి ప్యాకు గురించి. ప్రశ్న మా అమ్మాయిది. పదో తరగతి చదువుతున్న తను మెట్ల మీదే కూర్చొని, "నాన్నా, బంధాలు తెగితే శక్తి బయటికి వస్తుందని ట్యూషన్‌లో చెప్పారు, మరి దీన్ని పగలగొడితే వేడి రావాలి కదా, చల్లబడిందేం?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. ఇంటికి వచ్చాక కూడా రాలేదు.

పలమనేరు_కుర్రోడు
మీ అమ్మాయి చెప్పింది నిజమే. బంధం తెగితేనే శక్తి వస్తుంది. గ్యాసు పొయ్యిలో జరిగేది అదే, మన ఒంట్లో ఏటీపీ తెగి శక్తి ఇచ్చేదీ అదే. కోల్డ్ ప్యాకులో అసలు బంధమేదీ తెగదు, నీళ్ళలో పొడి కరుగుతుంది, అంతే. అందుకే వేడి రాదు, చల్లబడుతుంది.

గాజులమండ్యం_అక్క
వేడి రాకపోతే ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా తమ్ముడూ? చల్లబడటానికి వేరే కారణం ఒకటి కావాలి. వేడి లేకపోవడం వేరు, ఉన్న వేడిని లాక్కోవడం వేరు.

పాకాల_రైతు
నేను చదివింది ఇంటర్ వరకే, కాని ఈ చలువ నా చేతులకు బాగా తెలుసు. వేరుశెనగకు ఆకుల మీద యూరియా పిచికారీ చేసేటప్పుడు రెండు వందల లీటర్ల డ్రమ్ముకు 4 కిలోల యూరియా వేస్తాము. దాన్ని నేరుగా డ్రమ్ములో పోస్తే అడుగున ఉండిపోతుందని ముందుగా పది లీటర్ల బకెట్టులో కలుపుకుంటాము. ఎండాకాలం మధ్యాహ్నం బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తుంటాయి. యూరియా వేసి చేత్తో కలిపితే బకెట్టు బయటి వైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలు నిలుస్తాయి, వేళ్ళు జివ్వుమంటాయి. అదే బకెట్టును డ్రమ్ములో కుమ్మరించి చెయ్యి పెడితే ఏమీ తెలియదు. కోల్డ్ ప్యాకులో ఉండేది కూడా యూరియానేనా?

చిత్తూరు_మాస్టారు
పాకాల అన్నగారి బకెట్టే ఈ ప్రశ్నకు సరైన చోటు, దానికి తప్పకుండా వస్తాను. ముందు పలమనేరు తమ్ముడి మాటను సరిచేయాలి, ఎందుకంటే నేను పాఠం చెప్పిన ఇరవై రెండేళ్ళలో పిల్లల బుర్రలో అన్నిటికన్నా గట్టిగా నాటుకొని ఉన్న తప్పు ఇదే.

బంధం తెగినప్పుడు శక్తి ఎప్పుడూ బయటికి రాదు. తెంచడానికి ప్రతిసారీ మనమే శక్తి పెట్టాలి. బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటికి వస్తుంది. దీనికి మినహాయింపు లేదు.

బావిని ఊహించుకోండి. రెండు పరమాణువులు కలిసి ఉండటమంటే బొక్కెన బావి అడుగున ఉండటం. పైకి తీయాలంటే చేదాలి, చేతులు నొప్పి పుడతాయి. బావి ఎంత లోతైతే అంత కష్టం. ఆ లోతునే మనం బంధశక్తి అంటున్నాము. అదే బొక్కెన బావిలో పడితే దబ్బుమని శబ్దం వస్తుంది, నీళ్ళు ఎగసిపడతాయి. పడినప్పుడు బయటికి వచ్చేది, తీసేటప్పుడు మనం పెట్టిందీ ఒకే మొత్తం.

ఇప్పుడు ఏ రసాయన చర్యలోనైనా జరిగేది ఒక బావిలోంచి చేది, ఇంకో బావిలో వదలడం. లోతు తక్కువ బావిలోంచి తీసి లోతైన బావిలో వేస్తే మిగులు ఉంటుంది, ఆ మిగులే వేడి. లోతైన బావిలోంచి తీసి లోతు తక్కువ దాంట్లో వేస్తే లోటు పడుతుంది. ఆ లోటును చర్య తన చుట్టూ ఉన్న నీటి నుంచి, సంచి నుంచి, మీ అమ్మగారి చీలమండ నుంచి తీసుకుంటుంది. మనకు అదే చలువ.

పలమనేరు_కుర్రోడు
మాస్టారూ, అయితే గ్యాసు మండటం సంగతేమిటి? మండినప్పుడు గ్యాసు అణువు ముక్కలవుతుంది, వేడి వస్తుంది. ముక్కలవడం కళ్ళకు కనబడుతూనే ఉంది కదా.

చిత్తూరు_మాస్టారు
వంట గ్యాసులో లెక్క పొడవవుతుంది కాబట్టి హైడ్రోజన్‌తో చూడండి.

2H2 + O2 → 2H2O

రెండు మోల్‌ల హైడ్రోజన్‌లో బంధాలు తెంచడానికి 436 చొప్పున 872 కిలోజౌళ్ళు పెట్టాలి. ఒక మోల్ ఆక్సిజన్‌ను విడదీయడానికి ఇంకో 498. మొత్తం పెట్టుబడి 1370. ఇప్పుడు రెండు మోల్‌ల నీటి ఆవిరిలో నాలుగు మోల్‌ల ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి, ఒక్కోదానికి సుమారు 463 చొప్పున 1852 వస్తుంది. చేతికి మిగిలింది 482. మంట ఇచ్చే వేడి ఈ మిగులే. తెగడం ఖర్చు, కలవడం రాబడి. ముక్కలు కావడం మీకు కనబడింది, ఆ వెంటనే ఆ ముక్కలు ఆక్సిజన్‌తో కలవడం కనబడలేదు.

అగ్గిపుల్ల ఎందుకు గీయాలో ఆలోచించండి. తెంచడంలోనే శక్తి వచ్చేట్టయితే గ్యాసు తనంతట తానే అంటుకోవాలి. మొదటి పెట్టుబడి ఎవరో ఒకరు పెట్టాలి కాబట్టే పుల్ల గీస్తున్నాము.

ఏటీపీ కూడా అంతే. అక్కడ తెగే బంధానికి ఖర్చవుతుంది. తెగిన తరువాత ఆ ముక్కలు నీటితో ఏర్పరచుకునే కొత్త బంధాల రాబడి ఎక్కువ. పుస్తకాలలో "అధిక శక్తి బంధం" అని రాసిన పేరు చాలామందిని పెడదారి పట్టించింది.

పలమనేరు_కుర్రోడు
అగ్గిపుల్ల మాటతో ఒప్పుకుంటున్నాను. నాకూ ట్యూషన్‌లో తిరగేసే చెప్పారు. కాని కోల్డ్ ప్యాకులో బంధం తెగదన్న నా మాట ఇంకా నిలబడే ఉందని నా అభిప్రాయం. యూరియా నీళ్ళలో కరిగినా యూరియాగానే ఉంటుంది. నీరు ఇంకించి చూస్తే మళ్ళీ యూరియానే దొరుకుతుంది.

శ్రీకాళహస్తి_ల్యాబు
ఈ మాటలో సగం సరైనదే. యూరియా అణువు లోపలి కార్బన్-నైట్రోజన్ బంధాలేవీ తెగవు. అందుకే పాఠ్యపుస్తకం వెనక ఉన్న బంధశక్తుల పట్టిక తీసుకొని యూరియా కరగడాన్ని లెక్కించబోతే ఏమీ తేలదు. మా కళాశాలలో ఒక విద్యార్థి ఆ పని చేసి సున్నా తెచ్చుకొని, చలువ అనేది భ్రమ అని రికార్డులో రాశాడు.

తెగేవి అణువుల మధ్య బంధాలు. యూరియా పలుకులో ఒక అణువు పక్క అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకొని ఉంటుంది. నీటి అణువులూ తమలో తాము అలాగే పట్టుకొని ఉంటాయి. కరగాలంటే ఈ రెండు పట్లూ సడలాలి, అది ఖర్చు. తరువాత యూరియాకు, నీటికి మధ్య కొత్త పట్లు ఏర్పడతాయి, అది రాబడి. యూరియా విషయంలో రాబడి కాస్త తగ్గుతుంది. మోల్‌కు, అంటే 60 గ్రాములకు, సుమారు 15 కిలోజౌళ్ళ లోటు. మాస్టారు చెప్పిన బావులే ఇవి కూడా, కాకపోతే లోతు బాగా తక్కువ.

మదనపల్లె_కుండ
ఇంత దూరం ఎందుకు, మట్టికుండలో నీళ్ళు చల్లబడటం కూడా ఇదే కదా? మా ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా ఏప్రిల్ నెల వస్తే కుండే కావాలి.

గాజులమండ్యం_అక్క
అక్కడ కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరై ఎగిరిపోతూ వేడిని పట్టుకుపోతుంది. గాలి ఆడకపోతే కుండ చల్లబడదు. కోల్డ్ ప్యాకు చుట్టూ మూసేసి ఉంటుంది, ఏదీ ఎగిరిపోదు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నా ఉద్దేశం.

చిత్తూరు_మాస్టారు
దారి వేరే, మూలం ఒకటే. ఆవిరయ్యేటప్పుడు నీటి అణువులు తమ పట్లను తెంచుకొని పోతాయి, కొత్త పట్లేవీ ఏర్పడవు. అంటే ఖర్చే తప్ప రాబడి లేదు. అందుకే గ్రాముకు గ్రాము చూస్తే కుండ చలువ యూరియా చలువ కన్నా చాలా పెద్దది. కాని మెల్లగా వస్తుంది. బెణికిన కాలికి అర నిమిషంలో చల్లదనం కావాలి, కుండ ఆ పని చేయలేదు.

అలిపిరి_నడక
ఇంతవరకు అర్థమైంది. మా అమ్మాయి పక్కనే కూర్చొని చదువుతున్నది. "లోటు ఎంతో తెలిస్తే ఎన్ని డిగ్రీలు పడుతుందో ముందే చెప్పవచ్చా?" అని అడుగుతున్నది.

శ్రీకాళహస్తి_ల్యాబు
చెప్పవచ్చు. నిన్న సాయంత్రం ప్రయోగశాలలో చేసి చూశాను, అంకెలు ఇవిగో.

100 మిల్లీలీటర్ల నీరు, 30 గ్రాముల యూరియా తీసుకున్నాను. 30 గ్రాములంటే అర మోల్ కాబట్టి లోటు 7.5 కిలోజౌళ్ళు, అంటే 7500 జౌళ్ళు. ద్రావణం మొత్తం బరువు 130 గ్రాములు. ద్రావణాన్ని నీటిలాగే భావించి, గ్రామును ఒక డిగ్రీ చల్లబరచడానికి 4.18 జౌళ్ళు తీయాలని లెక్కవేస్తే, 130 గ్రాములకు డిగ్రీకి సుమారు 543 జౌళ్ళు. 7500ను 543తో భాగిస్తే 13.8 వస్తుంది. అంటే 29 డిగ్రీల నీరు 15కు కాస్త పైన ఆగాలి.

మొదట స్టీలు గ్లాసులో చేశాను. అర నిమిషానికి 21, నిమిషానికి 18.5, రెండు నిమిషాలకు 17.5 డిగ్రీలు చూపింది. అక్కడి నుంచి పెరగడం మొదలై అయిదో నిమిషానికి 18.5కు వచ్చింది. రెండోసారి థర్మోకోల్ కప్పులో, మూత పెట్టి చేస్తే 16.5 వరకు దిగింది. లెక్కకు, కొలతకు మధ్య తేడా గ్లాసు ద్వారా లోపలికి వచ్చిన గది వేడి. థర్మోకోల్ కప్పులో తేడా తగ్గిపోవడమే దానికి సాక్ష్యం.

పాకాల_రైతు
వేపపూత యూరియాతో చేశారా, మామూలు దానితోనా? ఇప్పుడు మాకు దొరికేదంతా వేపపూతదే. అది కరగడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, పైన నూనెలా తేలుతుంది.

శ్రీకాళహస్తి_ల్యాబు
నేను వాడింది ప్రయోగశాల యూరియా. మీరు చెప్పింది ముఖ్యమైన సంగతి. మొత్తం లోటు మారదు, కాని ఆలస్యంగా కరిగితే ఆ ఆలస్యంలోనే బయటి వేడి లోపలికి చేరిపోతుంది. థర్మామీటరు అంత కిందికి దిగదు. చలువ లోతు కరిగే వేగం మీద కూడా ఆధారపడుతుంది. ప్యాకు నొక్కాక బాగా కుదపమని కవరు మీద రాసేది ఇందుకే.

చిత్తూరు_మాస్టారు
పాకాల అన్నగారూ, మీ బకెట్టు లెక్క కూడా వేశాను. 4 కిలోలంటే సుమారు 67 మోల్‌లు, లోటు దాదాపు 1000 కిలోజౌళ్ళు. పది లీటర్ల నీరు, 4 కిలోల యూరియా కలిసి 14 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ చల్లబరచడానికి 58.5 కిలోజౌళ్ళు తీయాలి. కాబట్టి 17 డిగ్రీల వరకు పడవచ్చు. అదే 4 కిలోలను నేరుగా రెండు వందల లీటర్ల డ్రమ్ములో కలిపితే అదే వెయ్యి కిలోజౌళ్ళ లోటును అంత నీరూ పంచుకుంటుంది, ఒక డిగ్రీకి కాస్త పైన మాత్రమే పడుతుంది. బకెట్టులో తెలిసిన చలువ డ్రమ్ములో తెలియకపోవడానికి కారణం అదే. ప్యాకు చేసేవాళ్ళు నీటిని తక్కువ పోసేది కూడా ఇందుకే.

కుప్పం_ఫార్మసీ
అడిగినవారికి ఒక మాట. ప్యాకులన్నింటిలో యూరియా ఉండదు. కొన్నింటిలో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. దానికి చలువ ఎక్కువ, 80 గ్రాములకు సుమారు 26 కిలోజౌళ్ళ లోటు. కాని అది పేలుడు పదార్థాల తయారీలో వాడేది. మన దేశంలో 2012లో వచ్చిన అమ్మోనియం నైట్రేట్ నియమాల ప్రకారం దాని తయారీకి, నిల్వకు, అమ్మకానికి లైసెన్సు కావాలి. ఇంట్లో ప్రయోగం చేయాలనుకునే పిల్లలు యూరియాతోనే ఆగిపోవాలి, ప్యాకు కోసి అందులోని పొడి తీసి ఆడకూడదు.

ఇంకొకటి, ఏ ప్యాకునైనా నేరుగా చర్మం మీద పెట్టకండి. మధ్యలో పలుచటి తువ్వాలు వేసి, పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా ఉంచి తీసేయాలి.

గాజులమండ్యం_అక్క
అమ్మోనియం నైట్రేట్‌లో అయాన్లు ఉంటాయి కదా. వాటిని విడదీయడం యూరియా కన్నా చాలా కష్టం అయి ఉండాలి. మరి లోటు 26 మాత్రమే ఎందుకు?

చిత్తూరు_మాస్టారు
అమ్మా, మంచి చోట వేలు పెట్టారు. ఆ స్ఫటికాన్ని అయాన్లుగా విడదీయడానికి మోల్‌కు వందల కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. ఆ అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు దాదాపు అన్ని వందలూ తిరిగి వస్తాయి. 26 అనేది రెండు పెద్ద అంకెల మధ్య మిగిలిన చిన్న తేడా. అందుకే ఏ లవణం చల్లబరుస్తుందో, ఏది వేడెక్కిస్తుందో చూసి చెప్పడం కష్టం. కాల్షియం క్లోరైడ్ కూడా లవణమే, అదీ నీళ్ళలో కరుగుతుంది, కాని దానికి రాబడి ఎక్కువై మోల్‌కు 80 కిలోజౌళ్ళకు పైగా వేడి ఇస్తుంది. వంటింటి ఉప్పు మోల్‌కు 4 కిలోజౌళ్ళ లోటుతో దాదాపు సమానంగా తూగుతుంది, చేతికి తెలియదు.

పలమనేరు_కుర్రోడు
నాకు ఒకటి మింగుడు పడటం లేదు. లోటు వ్యాపారం ఎవరూ చేయరు. మరి యూరియా తనంతట తాను ఎందుకు కరుగుతుంది? ఎవరూ వేడి చేయడం లేదు కదా.

శ్రీకాళహస్తి_ల్యాబు
శక్తి ఒక్కటే లెక్క కాదు కాబట్టి. పలుకులో వరుసగా ఒదిగి ఉన్న అణువులు నీటిలో ఎటు పడితే అటు చెదిరిపోగలవు. చెదరడానికి ఉన్న దారులు పెరిగితే ఆ మార్పుకు మొగ్గు వస్తుంది, దీన్ని ఎంట్రోపీ అంటాము. కరిగే మార్పులో ఆ మొగ్గు శక్తి లోటును దాటుతున్నది. బంధశక్తి వేడినో చలువనో చెబుతుంది, మార్పు జరుగుతుందా లేదా అన్నది మాత్రం అది ఒంటరిగా చెప్పలేదు.

పలమనేరు_కుర్రోడు
అయితే ఇది భౌతిక మార్పా, రసాయన మార్పా? పదో తరగతి పరీక్షలో ఏం రాయాలి? మా మేనల్లుడు ఉష్ణగ్రాహక "చర్య" అని రాస్తే మార్కు వేయలేదట.

చిత్తూరు_మాస్టారు
నేనైతే యూరియా కరగడాన్ని ఉష్ణగ్రాహక "ప్రక్రియ" అని రాయిస్తాను, చర్య అనను. కొత్త పదార్థం ఏర్పడలేదు.

శ్రీకాళహస్తి_ల్యాబు
ఇక్కడ మాస్టారితో ఏకీభవించలేను. అమ్మోనియం నైట్రేట్‌లో స్ఫటిక బంధాలు తెగి అయాన్లు నీటితో బంధాలు పెట్టుకుంటున్నాయి. బంధం మారితే రసాయన మార్పు అనకపోతే, ఇక ఏ గీత దగ్గర అంటాము? యూరియాకు మీ మాట ఒప్పుకుంటాను కాని, దీనికి ఒప్పుకోను.

చిత్తూరు_మాస్టారు
నీరు ఇగిరిస్తే అదే లవణం తిరిగి వస్తుంది కాబట్టి నా గీత అక్కడ గీశాను. మీ గీతకూ ఆధారం ఉంది. మార్కు వేయకపోవడం మాత్రం అన్యాయమే.

చంద్రగిరి_యాత్రికుడు
చలువ గురించి ఇంత చెప్పారు, వేడి ప్యాకు గురించి నాకు ఒక అనుభవం ఉంది. నిరుడు కేదార్‌నాథ్ వెళ్ళినప్పుడు చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకులు తీసుకెళ్ళాను. కవరు చించి రెండింటిని బూట్లలో కాలివేళ్ళ కింద పెట్టి బిగించాను, రెండింటిని కోటు జేబులో వేసుకున్నాను. జేబులోవి రాత్రంతా వెచ్చగా ఉన్నాయి. బూట్లలోవి గంటకల్లా చల్లబడి రాళ్ళలా అయ్యాయి. నకిలీవి ఇచ్చారని షాపువాణ్ణి తిట్టుకున్నాను. గదికి వచ్చి బూట్లు విప్పి వాటిని బయట పడేస్తే, పావుగంట తరువాత మళ్ళీ వేడెక్కాయి.

చిత్తూరు_మాస్టారు
షాపాయన తప్పు కాదు, బూటు తప్పు. ఆ ప్యాకులో ఇనుప పొడి, ఉప్పు, కొంచెం నీరు, బొగ్గుపొడి, తేమ పట్టి ఉంచే ఖనిజం ఉంటాయి. కవరు చించితే గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్ళి ఇనుము తుప్పు పడుతుంది. మన కిటికీ ఊచలకు ఏళ్ళు పట్టే పని, పొడి కావడం వల్ల, ఉప్పు తోడవడం వల్ల గంటల్లో జరుగుతుంది. బిగించిన బూటులో ఆక్సిజన్ అయిపోతే చర్య ఆగిపోతుంది, గాలి తగలగానే మళ్ళీ మొదలవుతుంది. బూట్ల కోసం వేరే రకం అమ్మేది ఇందుకే, అవి తక్కువ గాలితో పనిచేసేలా కలుపుతారు. ఎత్తైన చోట గాలి పలచబడటం వల్ల కూడా ఇవి మందంగా వేడెక్కుతాయి.

బావుల లెక్కలో చూస్తే, ఆక్సిజన్ అణువును విడదీయాలి, ఇనుములో లోహపు పట్టును సడలించాలి, అది ఖర్చు. ఇనుము, ఆక్సిజన్ కలిసి ఆక్సైడు పలుకుగా గట్టిపడతాయి, ఆ బావి చాలా లోతు. ఒక గ్రాము ఇనుము పూర్తిగా తుప్పుపడితే సుమారు 7.4 కిలోజౌళ్ళ మిగులు వస్తుంది. ప్యాకులో 20 గ్రాముల ఇనుము ఉందనుకుంటే మొత్తం 148 కిలోజౌళ్ళు. దాన్ని ఎనిమిది గంటలకు పంచితే సెకనుకు 5 జౌళ్ళు, అంటే రాత్రి పడకగదిలో వేసుకునే చిన్న బల్బుకు తగినంత. ఒకేసారి వస్తే కాలుతుంది, ఎనిమిది గంటలుగా వస్తే వెచ్చగా ఉంటుంది. గాలిని సన్నని రంధ్రాలున్న గుడ్డ ద్వారా కొద్దికొద్దిగా పంపడమే దానిలోని నైపుణ్యం.

మదనపల్లె_కుండ
మా అబ్బాయి దగ్గర ఉన్న వేడి ప్యాకులో చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది. టక్కుమని నొక్కితే నీళ్ళలాంటిది తెల్లగా గడ్డకట్టి వేడెక్కుతుంది. మరుగుతున్న నీళ్ళలో వేస్తే మళ్ళీ నీళ్ళవుతుంది. దానిలోకి గాలి పోదు కదా, మరి ఏం తుప్పు పడుతున్నది?

శ్రీకాళహస్తి_ల్యాబు
అందులో ఇనుము లేదు. అది సోడియం అసిటేట్. 58 డిగ్రీల దగ్గర కరగవలసిన లవణం, చల్లబడ్డా గడ్డకట్టకుండా ద్రవంగా ఆగి ఉంటుంది. బిళ్ళ నొక్కితే మొదటి పలుకు పుడుతుంది, దాని వెంట మిగతాదంతా పలుకుగా అల్లుకుంటుంది. పట్లు ఏర్పడుతున్నాయి కాబట్టి వేడి. మరిగే నీటిలో వేసినప్పుడు ఆ పట్లను తెంచే ఖర్చు మీ పొయ్యి పెడుతున్నది.

గాజులమండ్యం_అక్క
మాస్టారి తుప్పు మాట చదివి గిన్నెలు తోమే స్టీలు పీచును ఉప్పునీళ్ళలో తడిపి, పిండి, డబ్బాలో థర్మామీటరుతో పాటు పెట్టాను. గంట చూసినా ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు.

శ్రీకాళహస్తి_ల్యాబు
మీరు వాడింది తుప్పు పట్టని స్టీలు అయి ఉంటుంది అక్కా, గిన్నెలు తోమే పీచు చాలావరకు అదే. అయస్కాంతంతో తేల్చలేరు, తుప్పు పట్టని రకాలలో కొన్నింటికి అయస్కాంతం అంటుకుంటుంది. రాత్రంతా తడిగా వదిలేయండి, తెల్లారేసరికి ఎర్రగా మారకపోతే దానితో వేడి రాదు. వడ్రంగులు చెక్క నునుపు చేయడానికి వాడే సన్నని ఉక్కుపీచు తెచ్చి, వెనిగర్‌లో ఒక నిమిషం ముంచి పిండి పెట్టండి. నూనెపూత పోతే కొన్ని డిగ్రీలు పెరగడం కనబడుతుంది.

కుప్పం_ఫార్మసీ
మొదటి పోస్టులోని ఫిర్యాదు మరిచిపోయాము. ఆ ప్యాకులో లోపలి నీళ్ళ సంచి ఎప్పుడో సన్నగా కారి ఉంటుంది. కారిన నీళ్ళలో కొంత యూరియా నెలల క్రితమే కరిగి, ఆ చలువ ఎవరికీ తెలియకుండా అయిపోయి ఉంటుంది. మిగిలినది గడ్డ కట్టి ఉంటుంది, గడ్డ త్వరగా కరగదు. కొనేటప్పుడు ప్యాకును చెవి దగ్గర పెట్టి కుదపండి. పొడి పలుకులు గలగలమనాలి, లోపల నీళ్ళ సంచి విడిగా నిండుగా తగలాలి. పలుకులు కదలకుండా ఒకే ముద్దగా తగిలితే ఇంకోటి అడగండి.

అలిపిరి_నడక
కుప్పం గారూ, కుదిపి చూశాను. మొదటి ప్యాకు సబ్బుబిళ్ళలా ఒకే గడ్డగా ఉంది, నీళ్ళ సంచి ముడతలు పడి చదునుగా ఉంది. సరిగ్గా మీరు చెప్పినట్టే. అమ్మ కాలి వాపు తగ్గింది, నడుస్తున్నది. మా అమ్మాయి బావి బొమ్మ రెండు గీసి, ఒకదాని కింద "యూరియా", ఇంకోదాని కింద "తుప్పు" అని రాసి ట్యూషన్‌కు తీసుకెళ్ళింది.

పాకాల_రైతు
ఈ ఉదయం బకెట్టు కొలుద్దామని ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు పెట్టాను, అది 35 డిగ్రీల కింద ఏమీ చూపదని అప్పుడు తెలిసింది. పాల కేంద్రంలో అడిగి వాళ్ళ థర్మామీటరు తెచ్చాను. పది లీటర్ల బోరు నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నాయి. 4 కిలోల వేపపూత యూరియా వేసి కర్రతో కలిపితే నాలుగు నిమిషాలకు 15 డిగ్రీలకు దిగింది. మాస్టారి లెక్క ప్రకారం 11 దాకా రావాలి. అడుగున ఇంకా రెండు పిడికిళ్ళ యూరియా కరగకుండా ఉంది. తేడా దానివల్లనా, ప్లాస్టిక్ బకెట్టు వల్లనా, వేపపూత వల్లనా? రేపు వేడినీళ్ళలో కలిపి చూడాలనుకుంటున్నాను, అప్పుడు కూడా అదే 13 డిగ్రీలు పడుతుందా?

శ్రీకాళహస్తి_ల్యాబు
వేడినీళ్ళలో త్వరగా కరుగుతుంది కాబట్టి పడటం త్వరగా మొదలవుతుంది, కాని ఆ నీళ్ళు గాలికి తమంతట తామే చల్లబడుతుంటాయి, ఆ రెండింటినీ విడదీయాలి. ఒక బకెట్టులో యూరియా లేకుండా ఉత్త వేడినీళ్ళు పక్కన పెట్టి, రెండింటినీ నిమిషానికోసారి కొలవండి. అంకెలు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.